ఎన్నింటికి ఎన్ని?



మన ఇళ్ళల్లో పిల్లలు మార్కుల కాగితం పట్టుకుని రాగానే పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎన్నొచ్చాయిరా?" అంటారు. వాడు "యాభై రెండు" అంటాడు. వెంటనే రెండో ప్రశ్న పడుతుంది. "ఎన్నింటికి?" యాభై రెండు అరవైకి వస్తే భుజం తడతారు. అదే యాభై రెండు వందకి వస్తే, ఇక ఆ రాత్రి భోజనాల దగ్గర మాటలుండవు.

ఇవాళ ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడదామని వచ్చాను. ఎందుకంటే ఇంజనీరింగులోనూ డిగ్రీలోనూ క్రెడిట్లు వచ్చాక "ఎన్నింటికి" అన్న ముక్క కంటికి కనబడకుండా పోయింది. ప్రతి సబ్జెక్టూ వందకే. కాని అన్ని వందలూ ఒక వంద కాదు. అక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు.

మా వీధి చివర ఒక ఆర్టీసీ కండక్టరు గారు ఉన్నారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఒకరోజు సాయంత్రం ఒక కాగితం మడత విప్పుతూ మా ఇంటికి వచ్చారు. మనిషి కొంచెం వేడి మీదున్నారు. "మాస్టారూ, మా అమ్మాయికి కాలేజీవాళ్ళు ముప్పావు పాయింటు తక్కువేశారండీ. నేనే కూడి చూశాను. రేపు వెళ్ళి అడుగుదామనుకుంటున్నా, ముందు మీరొకసారి చూడండి" అన్నారు.

చూశాను. బీటెక్ మొదటి సెమిస్టరు మెమో అది. ఆరు సబ్జెక్టులు. నెమ్మదిగా చెబుతాను, కాగితమూ పెన్సిలూ దగ్గరుంటే తీసుకోండి.

లెక్కలు, ఫిజిక్సు. ఈ రెండింట్లోనూ అమ్మాయికి బి గ్రేడు వచ్చింది. బి అంటే 6 పాయింట్లు. సి ప్రోగ్రామింగులో బి ప్లస్, అంటే 7. ఇంగ్లీషులో ఓ గ్రేడు, అంటే 10. ఫిజిక్సు ల్యాబ్, ప్రోగ్రామింగ్ ల్యాబ్, రెండింట్లోనూ ఓ గ్రేడే. అంటే రెండు పదులు.

మళ్ళీ చెబుతున్నాను. రెండు ఆర్లు, ఒక ఏడు, మూడు పదులు.

కండక్టరు గారు వీటిని కూడారు. 49 వచ్చింది. ఆరు సబ్జెక్టులు కాబట్టి ఆరుతో భాగించారు. 8.17 వచ్చింది. మెమో కింద ఎస్‌జీపీఏ అని ఉన్నచోట మాత్రం 7.44 అని ఉంది. తేడా నిజంగానే దాదాపు ముప్పావు పాయింటు. ఆయన కూడికలో తప్పు లేదు, భాగహారంలోనూ తప్పు లేదు. అయినా మెమోయే కరెక్టు.

నేను ఆయన్ని ఆయన లెక్కలోకే తీసుకెళ్ళాను. "బస్సులో యాభై మంది ఉన్నారనుకోండి. నలభై మందికి 20 రూపాయల టిక్కెట్టు కొట్టారు. పది మందికి 70 రూపాయల టిక్కెట్టు కొట్టారు. సగటున మనిషికి ఎంత పడింది? ఇరవయ్యీ డెబ్భయ్యీ తొంభై, దాన్లో సగం నలభై అయిదు, అంటారా?" అన్నాను.

ఆయన నవ్వేశారు. "అట్లా లెక్క అప్పజెప్తే డిపోలో నా జీతంలోంచి కోసేవాళ్ళు" అన్నారు. ఆ మాట అంటూనే ఆయన వేళ్ళు లెక్క కట్టేస్తున్నాయి. నలభై ఇరవైలు ఎనిమిది వందలు. పది డెబ్భైలు ఏడు వందలు. మొత్తం పదిహేను వందలు. యాభై మందికి పంచితే మనిషికి ముప్పై. నలభై అయిదు కాదు, ముప్పై. ఎందుకంటే బస్సులో ఇరవై రూపాయలవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు. సగటు వాళ్ళవైపు లాగేసింది.

మెమోలో జరిగిందీ సరిగ్గా ఇదే. గ్రేడు పాయింటు టిక్కెట్టు ధరలాంటిది. క్రెడిటు ఆ టిక్కెట్టు తీసుకున్న మనుషుల సంఖ్యలాంటిది. దేనికది గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. సబ్జెక్టుల సంఖ్యతో కాదు, క్రెడిట్ల మొత్తంతో. లెక్కల పుస్తకాల్లో దీన్ని భారిత సగటు అంటారు. బరువు వేసి తీసిన సగటు అన్నమాట.

ఆ మెమోలో క్రెడిట్లు చూద్దాం. లెక్కలకి 4, ఫిజిక్సుకి 4, ప్రోగ్రామింగుకి 3, ఇంగ్లీషుకి 2. ల్యాబులు రెండింటికీ తలా ఒకటిన్నర. కూడితే 16 క్రెడిట్లు.

ఇప్పుడు గుణిద్దాం. లెక్కలు, నాలుగార్లు ఇరవై నాలుగు. ఫిజిక్సూ అంతే, ఇంకో ఇరవై నాలుగు. ప్రోగ్రామింగు, మూడేళ్ళు ఇరవై ఒకటి. ఇంగ్లీషు, రెండు పదులు ఇరవై. ల్యాబులు, ఒకటిన్నర పదులు పదిహేను చొప్పున రెండూ ముప్పై. అన్నీ కూడితే 119. దాన్ని 16తో భాగిస్తే 7.44. మెమోలో ఉన్నదదే.

గమనించారా? అమ్మాయికి పదులు వచ్చినవన్నీ తేలిక క్రెడిట్లు. ఆర్లు వచ్చిన రెండూ బరువు క్రెడిట్లు. పదహారు క్రెడిట్లలో సగం, అంటే ఎనిమిది, ఆ రెండు సబ్జెక్టుల దగ్గరే ఉన్నాయి. మూడు పదులున్న చోట మొత్తం కలిపితే అయిదు క్రెడిట్లే. కండక్టరు గారి లెక్కలో ఆ మూడు పదులకీ మెమోలో సగం చోటు దొరికింది. అసలు లెక్కలో మూడో వంతు కూడా దొరకలేదు.

ఇది మనకి పూర్తిగా కొత్తేమీ కాదు. ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మన బోర్డులో ఎన్నో ఏళ్ళపాటు లెక్కల పేపర్లు 75కి, ఫిజిక్సూ కెమిస్ట్రీ 60కి, భాషలు 100కి ఉండేవి. అంటే బరువు అక్కడా ఉంది. కాకపోతే అది మార్కుల్లోనే కలిసిపోయి ఉండేది. మార్కులు కూడేస్తే బరువులూ వాటంతట అవే కూడుకునేవి. క్రెడిట్ల పద్ధతిలో బరువుని మార్కు నుంచి విడదీసి పక్క గడిలో పెట్టారు. ఆ గడి చూడనివాళ్ళకి లెక్క తేలదు.

మరి ఈ క్రెడిట్లు ఎవరు, దేన్ని బట్టి ఇస్తారు? సబ్జెక్టు కష్టాన్ని బట్టి అని చాలామంది అనుకుంటారు. కాదు. గడియారాన్ని బట్టి. వారానికి ఒక గంట పాఠం సెమిస్టరంతా జరిగితే ఒక క్రెడిటు. ల్యాబ్ అయితే వారానికి రెండు గంటలకి ఒక క్రెడిటు. యూజీసీ పెట్టిన కొలత ఇది. అందుకే మధ్యాహ్నం మూడు గంటలు నిలబడి చేసిన ల్యాబుకి ఒకటిన్నరే వస్తుంది. పిల్లలకిది అన్యాయంగా కనిపిస్తుంది. నేను మాత్రం దీన్ని సమర్థిస్తాను. ల్యాబుల్లో మార్కులు ధారాళంగా పడతాయన్నది చెప్పేవాళ్ళకీ తెలుసు, రాసేవాళ్ళకీ తెలుసు. వాటికి బరువు కూడా పెంచితే మెమోలన్నీ తొమ్మిదులతో నిండిపోయి, లెక్కలు రానివాడెవడో వచ్చినవాడెవడో తెలియకుండా పోతుంది.

బరువు సున్నా ఉన్న సబ్జెక్టులు కూడా కొన్ని ఉంటాయి. రాజ్యాంగం, పర్యావరణం లాంటివి చాలా ఇంజనీరింగు కాలేజీల్లో క్రెడిట్ లేకుండానే చెబుతారు. వాటిని పాసవ్వాల్సిందే, తప్పితే పట్టా రాదు. కాని వాటిలో తొంభై వచ్చినా సగటు వెంట్రుకవాసి కదలదు. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే కదా.

సరే, మన మెమో దగ్గరికి వద్దాం. కండక్టరు గారు శాంతించారు. అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్న అమ్మాయి లోపలికొచ్చింది. అది అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "మాస్టారూ, ఒక గ్రేడు పెరిగితే ఎంత పెరుగుతుంది?"

దీనికి మొత్తం లెక్క మళ్ళీ చెయ్యక్కర్లేదు. ఆ సబ్జెక్టు క్రెడిట్లని మొత్తం క్రెడిట్లతో భాగిస్తే చాలు. లెక్కల్లో ఒక గ్రేడు పెరిగితే, పదహారులో నాలుగు. అంటే పావు పాయింటు. 7.44 కాస్తా 7.69 అవుతుంది. అదే ల్యాబులో ఒక గ్రేడు తగ్గితే, పదహారులో ఒకటిన్నర. పాయింటులో పదో వంతు కూడా పోదు. ఇంకోసారి చెబుతున్నాను, ఇది గుర్తుపెట్టుకోదగ్గ ముక్క. సబ్జెక్టు క్రెడిట్లు, కింద మొత్తం క్రెడిట్లు. ఒక్క గ్రేడు విలువ అంతే.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. చాలా యూనివర్సిటీల్లో 50 నుంచి 59 దాకా ఒకే గ్రేడు, అరవై వస్తే పై గ్రేడు. యాభై ఒకటి వచ్చినవాడికీ 6 పాయింట్లే, యాభై తొమ్మిది వచ్చినవాడికీ 6 పాయింట్లే. ఆ ఎనిమిది మార్కులూ గాలికి పోయినట్టే. కాని యాభై తొమ్మిది నుంచి అరవైకి వెళ్ళే ఆ ఒక్క మార్కు మాత్రం నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో పావు పాయింటు తెస్తుంది. కాబట్టి రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టాలా వద్దా అనుకునేటప్పుడు రెండే చూడండి. మార్కు గీతకి ఎంత దగ్గరగా ఉంది, ఆ సబ్జెక్టుకి బరువెంత? గీతకి ఆనుకుని ఉండి, నాలుగు క్రెడిట్లుంటే కట్టండి. గ్రేడు మధ్యలో ఎక్కడో ఉన్నదానికి కట్టి, నాలుగు మార్కులు పెరిగినా మెమోలో ఏమీ మారదు.

ఇప్పుడు తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు చెబుతాను. అది ఫెయిలైన సబ్జెక్టు విషయంలో జరుగుతుంది.

అమ్మాయి లెక్కల్లో పాస్ కాలేదనుకుందాం. మాటవరసకే. ఎఫ్ గ్రేడు, సున్నా పాయింట్లు. 119లోంచి లెక్కలు తెచ్చిన ఇరవై నాలుగు పోతే 95 మిగులుతుంది. దాన్ని దేనితో భాగించాలి? చాలామంది పిల్లలు ఏం చేస్తారంటే, "ఆ సబ్జెక్టు పోయింది కదా, దాని క్రెడిట్లు కూడా తీసేద్దాం" అని పన్నెండుతో భాగిస్తారు. 7.92 వస్తుంది. ఒక్క క్షణం ఆగండి. లెక్కల్లో పాసైనప్పుడు 7.44. ఫెయిలైతే 7.92. ఎక్కడైనా పరీక్ష తప్పితే సగటు పెరుగుతుందా?

క్రెడిట్లు తియ్యకూడదు. పైన సున్నా వేస్తే కింద నాలుగు అలాగే ఉండాలి. 95ని పదహారుతోనే భాగించాలి. 5.94 వస్తుంది. బస్సులో నలుగురు టిక్కెట్టు తీసుకోకపోయినా బస్సులో నలుగురూ ఉన్నట్టే కదా. కొన్ని యూనివర్సిటీలు ఫెయిలైన సబ్జెక్టు ఉన్నంతకాలం ఎస్‌జీపీఏ అసలు చూపించవు. అది వేరు. చూపించినచోట మాత్రం కింద నాలుగు ఉండాల్సిందే. తప్పు కనిపెట్టే గుర్తు ఇదే. సున్నా వేశాక సగటు పైకి పోయిందంటే మీ లెక్క ఎక్కడో జారింది.

రెండో సెమిస్టరు మొదలయ్యేముందు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఏడాది ముగిసేసరికి మొత్తం మీద 8 ఉండాలని దాని కోరిక. "ఎంత తెచ్చుకోవాలి?" అంది. "ఈసారి తొమ్మిది తెచ్చుకోవాలేమో, ఏడు చిల్లరా తొమ్మిదీ కలిపితే ఎనిమిది" అని తనే లెక్కేసుకుంది కూడా.

రెండో సెమిస్టరులో 24 క్రెడిట్లున్నాయి. మొదటి దాంట్లో పదహారే. అంటే రెండోది ఒకటిన్నర రెట్లు బరువు. ఏడాది మొత్తం 40 క్రెడిట్లు. నలభై క్రెడిట్లకి సగటు ఎనిమిది రావాలంటే చేతిలో నలభై ఎనిమిదులు, 320 ఉండాలి. ఇప్పటికే 119 ఉన్నాయి. ఇంకా కావలసింది 201. దాన్ని ఇరవై నాలుగుతో భాగిస్తే 8.38. తొమ్మిది అక్కర్లేదు. బరువైన సెమిస్టరు ముందుంటే, పోయినదాన్ని పూడ్చుకోవడం మనం అనుకున్నంత కష్టం కాదు. తేలిక సెమిస్టరు ముందుంటే అనుకున్నదానికన్నా కష్టం.

అమ్మాయి చదివింది. రెండో సెమిస్టరులో 205 తెచ్చుకుంది. అంటే 8.54.

ఆ సాయంత్రమే కండక్టరు గారు మళ్ళీ దిగులుగా వచ్చారు. "నూరో వంతులో పోయింది మాస్టారూ. 7.44, 8.54 కలిపి సగం చేస్తే 7.99 వస్తోంది" అన్నారు.

నేనేమీ అనలేదు. "బస్సులో ఎంతమంది?" అని మాత్రం అడిగాను. ఆయన నాలుక కరుచుకున్నారు. పెన్సిలు తీసుకుని ఆయనే వేశారు. 119కి 205 కలిపితే 324. నలభైతో భాగిస్తే 8.10. ఎనిమిది దాటింది. సెమిస్టర్ల సగటులు తీసుకుని వాటికి మళ్ళీ సగటు కట్టకూడదు. రెండు సెమిస్టర్లకీ క్రెడిట్లు సమానంగా ఉంటే తప్ప అది కుదరదు. పాయింట్లన్నీ ఒకచోట పోగేసి, క్రెడిట్లన్నీ ఒకచోట పోగేసి, ఒక్కసారే భాగించాలి. సీజీపీఏ అంటే అదే.

నాలుగేళ్ళ బీటెక్కి చాలాచోట్ల 160 క్రెడిట్ల దాకా ఉంటాయి. మొదటి సెమిస్టరులో నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఒక గ్రేడు పెరిగితే పావు పాయింటు కదిలిందే, అదే గ్రేడు చివర్లో పెరిగితే కదిలేది పావులో పదో వంతు. నూట అరవైలో నాలుగు కదా. చివరి ఏడాదిలో ఎంత గింజుకున్నా బండి మెల్లగానే కదలడానికి కారణం ఇది. చివర్లో ప్రాజెక్టు ఒక్కటే పెద్ద బరువుతో వస్తుంది.

ఇక పర్సంటేజీ సంగతి. ఉద్యోగాల దరఖాస్తులో పర్సంటేజీ అని గడి ఉంటుంది. 8.10 ఉంది కాబట్టి 81 అని రాసేస్తారు. తొందరపడకండి. ఏఐసీటీఈ ఇచ్చిన పట్టికలో 6.75 అంటే 60 శాతం. అంటే ముప్పావు తీసి పదితో గుణించడం. ఆ లెక్కన మన అమ్మాయిది 73.5. ముప్పావుకి బదులు అర తీసేచోట అయితే 76. సీబీఎస్ఈ పదో తరగతిలో గ్రేడ్లున్న రోజుల్లో తొమ్మిదిన్నరతో గుణించమనేవారు, అది దాని వరకే. మీ యూనివర్సిటీ సూత్రం సాధారణంగా రెగ్యులేషన్సు పుస్తకంలోనో మెమో వెనకో ఉంటుంది. అదే రాయండి. సర్టిఫికెట్ల పరిశీలన రోజున దరఖాస్తులో ఒకటీ, మెమో ప్రకారం ఒకటీ ఉంటే ఇబ్బంది పడేది మీరే.

కాబట్టి పిల్లల తల్లిదండ్రులకి నాదొక మనవి. ఇంట్లో మెమో ఉంటే ఈ రాత్రి తీయండి. గ్రేడ్ల గడి పక్కన క్రెడిట్ల గడి ఉంటుంది, అది చూడండి. ఒక్కో వరసకీ రెండూ గుణించి పక్కన రాయండి. కింద గీత గీసి కూడండి, క్రెడిట్లూ కూడండి, ఒక్కసారి భాగించండి. మెమోలో ఉన్నదీ మీకు వచ్చిందీ రెండో దశాంశం దగ్గర ఒక అంకె తేడాగా ఉంటే అది సవరింపు, దాన్ని వదిలెయ్యండి. అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే మాత్రం కోపంగా వెళ్ళకండి, ఆ గుణించిన కాగితం పట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్ళండి.